ఆకు విడిచిన ఆనవాలు

ఇల్లందు పేరు వినగానే బొగ్గు గుర్తుకు వస్తుంది. 1889లో అక్కడ మొదలైన తవ్వకాలే నేటి సింగరేణి గనులకు నాంది. కాని ఆ పట్టణం పొలిమేర దాటి అడవి వైపు సాగే బాటసారి కంటికి మొదట కనిపించేవి చేలగట్ల మీది తాళ్ళు, వాగుల ఒడ్డున గుబురుగా నిలిచిన ఈదులు. ఇళ్ళ పెరళ్ళలో కొబ్బరి చెట్లుంటాయి. నీటి వసతి, నీడ కుదిరిన తోటలలో పోక కూడా పెరుగుతుంది. ఈ నాలుగింటినీ ఎదుట నిలబడి చూచినప్పుడు పోల్చుకోవడం పల్లెలో పుట్టినవానికి కష్టం కాదు. ఛాయాచిత్రాలలో చూచినప్పుడే చిక్కు వస్తుంది. ఒక చిత్రంలో మాను మాత్రమే ఉంటుంది, మరొకదానిలో తల మాత్రమే ఉంటుంది, ఇంకొకదానిలో గెల తప్ప మరేమీ కనిపించదు.

అమరసింహుడు తన నిఘంటువులో తాళ, నారికేళ, పూగ, ఖర్జూర వృక్షాలను ఒకచోట చేర్చి, వాటిని 'తృణద్రుమాలు' అన్నాడు. గడ్డిజాతికి చెందిన చెట్లని ఆ మాటకు అర్థం. నేటి వృక్షశాస్త్రం వీటిని గడ్డి కుటుంబంలో చేర్చదు గాని, రెండూ ఏకదళ బీజాలేనని అంగీకరిస్తుంది. వేప, మామిడి ఏటేటా లావెక్కుతాయి. పాత బెరడు పగిలి కొత్త బెరడు వస్తుంది. గాయమైతే క్రమంగా పూడుతుంది. తృణద్రుమాలకు ఆ శక్తి లేదు. కొనమొవ్వులో తయారైన మాను ఆ తరువాత పెద్దగా లావెక్కదు, దానిపై పడిన గుర్తు చెరగదు. కాబట్టి ప్రతి ఆకూ రాలుతూ తన ఆనవాలును మాను మీద విడిచి వెళుతుంది. ఆ ఆనవాలును చదవడం తెలిస్తే సగం పని పూర్తయినట్లే.

పోకచెట్టు ఆకు అడుగుభాగం ఒక గొట్టం వలె మానును పూర్తిగా చుట్టుకొని ఉంటుంది. ఎండిన ఆకు ఆ తొడుగుతో సహా శుభ్రంగా ఊడి పడుతుంది. అందుచేత మాను మీద గాజులు తొడిగినట్లు చుట్టూ సమమైన వలయాలు మిగులుతాయి. మాను నిటారుగా, జానెడు మందం కూడా లేకుండా ఉంటుంది. లేత భాగం పచ్చగా కనిపిస్తుంది. కొబ్బరి మట్ట కూడా పూర్తిగానే రాలుతుంది గాని, మానును అంటిపెట్టుకొన్న దాని అడుగుభాగం చుట్టూ ఒకే తీరున ఉండదు. అందువలన నెలవంక వంటి మచ్చ మిగులుతుంది. బూడిదరంగు మాను, ఉబ్బిన మొదలు, ఏదో ఒక వైపు కొద్దిపాటి వంపు కొబ్బరికి తోడి గుర్తులు.

ఈతచెట్టు మట్ట రాలినా, కోసినా దాని మొదలు మానును విడువదు. ఆ ముక్కలు ఒకదానిపై ఒకటి మెలికగా పేర్చుకొని మానుకు చిన్నచిన్న పలకల కవచం తొడిగినట్లుంటాయి. తాడి ఈ రెండు తీరులకూ నడుమ నిలుస్తుంది. పడుచు తాడిలో నడిమికి చీలిన పెద్దపెద్ద మట్ట మొదళ్ళు మానును కప్పి ఉంటాయి. వయసు ముదిరినకొద్దీ అవి రాలిపోయి, మొరటైన నల్లని మాను, దానిపై దగ్గర దగ్గరగా మచ్చల వలయాలు బయటపడతాయి. మాను ఒక్కటే చూచి పాత తాడినీ పాత కొబ్బరినీ వేరు చేయబోతే పొరపాటు జరగడం సహజం. అప్పుడు తలను చూడవలసిందే.

తాడి తల విషయంలో సందేహానికి తావు లేదు. ఆకు విసనకర్ర వలె విచ్చుకొంటుంది, మట్ట అంచున రంపపు పళ్ళుంటాయి. మిగిలిన మూడూ ఈకల వంటి ఆకులు గలవే. దూరం నుంచి తీసిన చిత్రంలో పోక తల కింద నున్నని ఆకుపచ్చ గొట్టం ఒకటి కనిపిస్తుంది. ఒకదానినొకటి చుట్టుకొన్న ఆకుతొడుగులే ఆ గొట్టం. కొబ్బరికి అది ఉండదు. దాని మట్టల మొదట గోనెగుడ్డ వంటి పీచు అల్లుకొని ఉంటుంది. ఈతకు ఆ గొట్టం ఉండదు. మట్ట మొదట ఉండవలసిన చిరుటాకులు ముళ్ళుగా మారి ఉంటాయి. దగ్గరగా తీసిన చిత్రమైతే చిరుటాకు మడతను కూడా చూడవచ్చు. ఈత చిరుటాకు నీరు పోస్తే నిలిచే దోనె వలె పైకి మడిచి ఉంటుంది. కొబ్బరి, పోక చిరుటాకులు ఇంటికప్పు వలె కిందికి వాలి ఉంటాయి.

ఇక గెల సంగతి. గెల పుట్టేది ఆకు చంకలోనే. కొబ్బరిలో ఆ ఆకు పచ్చగా ఉండగానే గెల విచ్చుకొంటుంది. కాబట్టి కాయలు ఆకుల నడుమ, మట్టల మీద ఆనుకొని ఉంటాయి. బాగా కాచే చెట్టు నెలకు ఇంచుమించు ఒక ఆకునూ ఒక గెలనూ వేస్తుంది, కాయ ముదరడానికి దాదాపు ఏడాది పడుతుంది. అందుచేతనే ఒకే చిత్రంలో పిందె మొదలు ముదురుకాయ వరకు అన్ని ఈడుల కాయలూ కనిపిస్తాయి. పోకలో ఆకు రాలిన తరువాతనే గెల బయటికి విచ్చుకొంటుంది. కాబట్టి అది ఆకుపచ్చ గొట్టానికి దిగువన, మానుకు అంటుకొని వేలాడుతుంది. చిన్న కోడిగుడ్డంత కాయలు పండినప్పుడు నారింజరంగుకు వస్తాయి. ఈత గెల చీపురు వలె అనేక పుల్లలుగా చీలి, వాటి నిండా అంగుళమంత పండ్లతో ఉంటుంది. తాటికాయ పెద్దది, నల్లనిది. తొడిమ దగ్గర టోపీ వంటి రేకులుంటాయి.

గెల లేదన్న కారణంతో మాత్రం చెట్టును తోసిపుచ్చరాదు. తాడిలోనూ ఈతలోనూ మగచెట్లు వేరు, ఆడచెట్లు వేరు. మగ తాడికి ఎన్నేళ్ళు ఎదురు చూచినా కాయ రాదు. వేలి మందాన పొడవైన పూగుత్తులు మాత్రమే వస్తాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇల్లందు పరిసరాలలో బాట పక్కన తీసిన చిత్రంలో గరుకైన మాను ఒకటి ఉంది, తల తెగిపోయింది అనుకొందాం. మాను నిండా మట్ట మొదళ్ళు ఉన్నాయి కనుక అది పోక కాదు, కొబ్బరీ కాదు. ఈతా, పడుచు తాడా అన్నది మిగిలిన ప్రశ్న. అశ్వారావుపేట, దమ్మపేట వైపు విరివిగా సాగవుతున్న ఆయిల్ పామ్ కూడా మట్ట మొదళ్ళను విడువదు కనుక దానినీ లెక్కలోకి తీసుకోవాలి. మొదళ్ళు చాలా వెడల్పుగా, దళసరిగా ఉంటే ఆయిల్ పామ్ కావచ్చు. నడిమికి చీలి ఉంటే తాడి. చిత్రంలోనివి చిన్నవి, చీలిక లేనివి, దగ్గర దగ్గరగా పేర్చినవి. అంతేగాక మాను పైభాగంలో ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు లోతైన గాట్లు పడి, అంచు వంకరటింకరగా ఉంది. ఈతకల్లు కోసం గీత కార్మికుడు మొవ్వు కింద మానునే చెక్కుతాడు. ఒక ఏడు ఒక వైపు, మరుసటి ఏడు రెండవ వైపు. ఆ గాయం పూడదు. చెట్టు పైకి పెరిగినకొద్దీ గాట్లు కిందికి మిగిలిపోతాయి. తాడిలో గీసేది పూగుత్తిని గాని మానును కాదు. కాబట్టి చిత్రంలోనిది ఈతచెట్టే. ఆ గాట్లను లెక్కపెడితే చెట్టును ఎన్ని ఏళ్ళు గీశారో ఇంచుమించుగా చెప్పవచ్చు.

కల్లు లొట్టి చిత్రంలో ఉంటే పని మరింత సులువు. అది మాను గాటు కింద కట్టి ఉంటే ఈత. ఆకుల నడుమ పూగుత్తికి వేలాడుతుంటే తాడి. అయితే ఏజెన్సీ ప్రాంతాల చిత్రాలలో మరొక జాగ్రత్త అవసరం. అక్కడి జీలుగు చెట్టుకు కూడా పూగుత్తి నుంచే కల్లు తీస్తారు, దాని మాను పోకమానును తలపించే వలయాలతో ఉంటుంది. దాని చిరుటాకు మాత్రం కొస చిరిగిన చేపతోకలా ఉంటుంది. ఆ ఆకారం ఈ నాలుగింటిలో దేనికీ లేదు.