చుక్కలు పోయాకే అక్షరాలు

ఏటా నవమి పందిట్లో పద్యనాటకం వేసే ఊరు. పదేళ్ల కిందటి పోస్టరు ఒక్కటే బీరువాలో మిగిలింది. నీలం రంగు మీద కృష్ణపాత్రధారి బొమ్మ, కింద నల్లటి అక్షరాల్లో తేదీ, వేదిక. బొమ్మ అలాగే ఉంచి తేదీ ఒక్కటి మార్చిపెట్టమని డీటీపీ షాపుకు తెచ్చారు. స్కాన్ చేసి చూస్తే కాగితం మీద లేని గళ్లూ అలలూ నీలమంతా పరుచుకుని ఉన్నాయి. వీటినే మోయిరే అంటారు.

భూతద్దం కింద పెడితే గుట్టు తెలుస్తుంది. అచ్చులో ఆ నీలం పూసిన రంగు కాదు, వరసలుగా పేర్చిన సన్నటి చుక్కలు. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు చుక్కల వరసలు తలొక కోణంలో వాలి ఉంటాయి. మన పోస్టరులో అంగుళానికి 133 వరసలు అనుకుందాం. స్కానర్ కూడా కాగితాన్ని చదరాలుగానే చదువుతుంది. 300 డీపీఐలో ఒక్కో చుక్క వరసకు రెండుంపావు పిక్సెళ్లే వస్తాయి. ఒక పిక్సెల్ చుక్క నడుమ పడితే ఇంకొకటి సందులో పడుతుంది, ఆ పొంతన వరస వరసకూ జరుగుతూ పోతుంది. దోమతెరను రెండు మడతలు వేసి వెలుతురుకు పట్టుకుంటే లేని అలలు కనిపించినట్టే ఇదీ.

గళ్లను వదిలేసి ముందు తేదీ మారుద్దామంటే కుదరదు. పాత తేదీని చెరపడానికి పక్కనున్న నీలం ముక్కను క్లోన్ చేసి అతికిస్తాం. ముక్కలోని చుక్కల వరసలు చుట్టూ ఉన్న వరసలతో కలవవు. గళ్ల చొక్కాకు గళ్లు కలవకుండా కుట్టిన జేబులా అతుకు బయటపడుతుంది. పైగా మళ్లీ అచ్చుకు పంపితే పాత చుక్కల మీద ప్రెస్సు కొత్త చుక్కలు పడి ఇంకో మోయిరే పుడుతుంది.

ముందుగా ఒక అనుమానం తీర్చుకోవాలి. స్క్రీన్ మీద బొమ్మను చిన్నది చేసి చూసినప్పుడు కూడా ఇలాంటి గళ్లు కనిపిస్తాయి. 100 శాతానికి పెంచితే మాయమైతే అవి ఫైల్లో లేనట్టే. కాగితం మీదే మామూలు కంటికి కనిపిస్తుంటే అది పాత అచ్చులోని లోపం, కింది పద్ధతికి లొంగదు.

ఇక స్కాన్. 600 డీపీఐ పెట్టి, స్కానర్లోని షార్పెనింగ్ ఆపేసి, టిఫ్‌గా దాచాలి. ఇప్పుడు ఒక్కో వరసకు నాలుగున్నర పిక్సెళ్లు వస్తాయి. చుక్కలు విడివిడిగా కనిపించి బొమ్మ గరుకుగా ఉంటుంది. కంగారు పడనక్కర్లేదు, చుక్క చుక్కగా దొరికితేనే దాన్ని చెరపగలం. వరసల లెక్క తెలియకపోతే బాగా పెంచి, వాలుగా ఉన్న వరస వెంబడే పది చుక్కల దూరం కొలిచి పదితో భాగిస్తే సరి.

ఆ దూరంలో సగం, అంటే సుమారు 2.2 పిక్సెళ్లు, గాసియన్ బ్లర్‌కు ఇవ్వాలి. చుక్కకూ సందుకూ ఉన్న తేడాలో నూటికి ఒక వంతు కూడా మిగలదు. 1 మాత్రమే ఇస్తే మూడో వంతుకు పైగా మిగిలిపోతుంది. 5 ఇస్తే కృష్ణుడి కనుబొమలు కూడా కరిగిపోతాయి. బ్లర్ అయ్యాకే సైజు 300కు తగ్గించాలి. ముందే తగ్గిస్తే చుక్కలతో పాటు గళ్లు మళ్లీ పుడతాయి.

చిక్కల్లా అక్షరాలతోనే. నల్ల అక్షరాలు సాధారణంగా నిండు నలుపు, వాటిలో చుక్కలు ఉండవు. బ్లర్ చేస్తే వాటికి నష్టమే తప్ప లాభం లేదు. చిన్న అక్షరాల్లో తలకట్టుకూ ఒత్తుకూ మధ్య సందు పూడిపోతుంది. అందుకే బ్లర్‌కు ముందే లేయర్ నకలు తీసి, ఉంచాల్సిన వేదిక పంక్తిని మాస్కుతో ఆ పదునైన నకలు నుంచే చూపించాలి. తేదీ పంక్తిని శుభ్రమైన లేయర్లో చెరపాలి. బ్లర్ వల్ల నలుపు చుట్టూ మసిలా పాకి ఉంటుంది కాబట్టి అక్షరం అంచు దాటి నాలుగైదు పిక్సెళ్లు ఎక్కువే తుడవాలి. అంతా సమంగా ఉన్న నీలం మీద ఇప్పుడు అతుకు కనిపించదు. కొత్త తేదీని టెక్స్ట్ లేయర్‌గా, నలుపు ఇంకు ఒక్కదానితోనే వేస్తే అచ్చులోనూ అంచు పదునుగా వస్తుంది.

పని పూర్తయిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. లెవల్స్‌తో కాంట్రాస్టును కాసేపు విపరీతంగా పెంచి చూడండి. దాక్కున్న గళ్లు ఉంటే బయటికొస్తాయి. అప్పుడు బ్లర్‌ను ఇంకాస్త పెంచాలి, లేదా ఫోరియర్ ఫిల్టర్‌లో నక్షత్రాల్లా మెరిసే బిందువులను, నడిబొడ్డున ఉన్నదాన్ని మాత్రం తాకకుండా, నల్లగా పూయాలి. ఎంత చేసినా చుక్క కన్నా సన్నని గీత తిరిగి రాదు. పాత అచ్చు దాన్ని కాగితం మీద పెట్టనే లేదు. చివర్లో షార్పెనింగ్ అతి చేస్తే మిగిలిన ఆ నూటికొక వంతే మళ్లీ చుక్కలై లేస్తుంది.