భోషాణం మీది బొడిపెలు నీలి బొమ్మలోకి

పాత ఇళ్లలో కనిపించే భోషాణాన్ని ఒక గేమ్‌లో పెట్టాలనుకుందాం. చెక్క మీది చారలు, ఇనుప పట్టీలు, వాటి మీద వరసగా ఇత్తడి బొడిపెలు, వాడకంతో అరిగిన మూలలు. ఆర్టిస్టు వీటన్నిటినీ జీబ్రష్‌లోనో బ్లెండర్‌లోనో శిల్పంలా చెక్కితే ఆ ఒక్క పెట్టెకే నలభై లక్షల త్రిభుజాలు అవుతాయి. గేమ్ సెకనుకు 60 బొమ్మలు గీయాలంటే ఒక్కో బొమ్మకు 17 మిల్లీసెకన్లు కూడా దక్కవు. గదిలో భోషాణంతోపాటు ఇంకా వంద వస్తువులు ఉంటాయి. అందుకే అదే కొలతలతో పదిహేను వందల త్రిభుజాల తేలికపాటి పెట్టెను విడిగా కడతారు. చెక్కిన శిల్పం హై-పాలీ, తేలిక పెట్టె లో-పాలీ. మొదటిదాని మీది వివరాలను రెండోదానికి చుట్టే ఒక బొమ్మలోకి దించడాన్ని బేకింగ్ అంటారు. ఆ బొమ్మ పేరు నార్మల్ మ్యాప్.

ఉపరితలం మీద ఏ చోట ఎంత వెలుగు పడుతుందన్నది ఆ చోటు ఎటు చూస్తోందన్న దాని మీద ఆధారపడుతుంది. అలా ఎటు చూస్తోందో చెప్పే బాణమే నార్మల్. ఉపరితలాన్ని కదపకుండా ఈ బాణాలను మాత్రం వంచితే చాలు, చదునైన చోట ముడతలు ఉన్నట్టే కనిపిస్తాయని 1978లో జిమ్ బ్లిన్ చూపించారు. హై-పాలీ శిల్పం నుంచి బాణాలను తీసి లో-పాలీకి తొడిగే పద్ధతి 2004లో వచ్చిన డూమ్ 3తో గేమ్ ఆటగాళ్లందరి కంటా పడింది.

బాణాన్ని బొమ్మలో దాచడానికి రంగు వాడతారు. కుడి ఎడమల వంపు ఎరుపులోకి, పైకీ కిందికీ ఉన్న వంపు ఆకుపచ్చలోకి, ఉపరితలం నుంచి నేరుగా బయటికి ఉన్న భాగం నీలంలోకి వెళ్తాయి. ఏ వంపూ లేని చోట పిక్సెల్ విలువ 128, 128, 255. నార్మల్ మ్యాప్ అంతా లేత ఊదా నీలంగా కనిపించేది అందుకే. ఇప్పుడు ఒక బొడిపె కుడివైపు వాలును చూద్దాం. అక్కడ ఉపరితలం 30 డిగ్రీలు కుడికి వాలి ఉంటే ఎరుపు 191కి పెరుగుతుంది, నీలం 238కి తగ్గుతుంది, ఆకుపచ్చ 128 దగ్గరే ఉంటుంది. ఎడమ వాలులో ఎరుపు అంతే తగ్గి 64 అవుతుంది. బొడిపె ఎంత ఎత్తుందో ఈ పిక్సెళ్లలో ఎక్కడా ఉండదు, దాని వాలు మాత్రమే ఉంటుంది.

ఆ వాలును లెక్కగట్టేది లో-పాలీ ఉపరితలాన్ని ఆధారంగా చేసుకునే. లో-పాలీకి తన సొంత బాణాలు ముందే ఉంటాయి. వాటికి, శిల్పం బాణాలకు మధ్య ఉన్న తేడాను మ్యాప్ రాసిపెట్టుకుంటుంది. అంటే ఇది ఒక నిర్దిష్ట లో-పాలీకి రాసిన సవరణ. బేకింగ్‌లో వచ్చే చిక్కుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంది.

బ్లెండర్‌లో పని ఇలా సాగుతుంది. ముందు లో-పాలీ చర్మాన్ని విప్పి చదునుగా పరుస్తారు. దీన్నే యూవీ అంటారు. తర్వాత లో-పాలీని త్రిభుజాలుగా స్థిరపరుస్తారు. 2048 పిక్సెళ్ల చదరపు ఖాళీ బొమ్మను తీసుకుని, దాన్ని లో-పాలీ మెటీరియల్‌లో ఎంచి ఉంచుతారు. సైకిల్స్ రెండరర్‌లో శిల్పాన్ని ముందు, లో-పాలీని తర్వాత ఎంచుకుని, Selected to Active పెట్టి Normal రకంతో బేక్ చేస్తారు. ఒక్కో పిక్సెల్‌కు సరిపడే చోటు నుంచి కంప్యూటర్ ఒక కిరణాన్ని వదులుతుంది. ఆ కిరణం శిల్పాన్ని ఎక్కడ తాకితే అక్కడి బాణాన్ని తెచ్చి రాస్తుంది.

కిరణం లో-పాలీ మీద మొదలైతే, బయటికి పొడుచుకొచ్చిన బొడిపె కిరణానికి వెనకే ఉండిపోతుంది. అందుకే లో-పాలీని కాస్త ఉబ్బించి, ఆ ఉబ్బిన తొడుగు నుంచి కిరణాలను లోపలికి పంపుతారు. దీని పేరు కేజ్. ఎంత ఉబ్బాలో చెప్పే అంకె Extrusion. అది చాలకపోతే బొడిపెల నెత్తులు కోసేసినట్టు మ్యాప్‌లో గుండ్రటి మచ్చలు పడతాయి. మరీ ఎక్కువైతే పెట్టె ఒంటి మీద మూత గొళ్లెం ముద్ర పడుతుంది, కిరణానికి ముందు అదే తగిలింది కాబట్టి. అలాంటప్పుడు మూతను, గొళ్లేన్ని, ఒంటిని దూరం దూరంగా జరిపి బేక్ చేస్తారు. సబ్‌స్టెన్స్ పెయింటర్‌లోనైతే భాగాల పేర్ల చివర `_low`, `_high` తగిలిస్తే ఏ భాగం కిరణాలు ఆ భాగాన్నే చూస్తాయి.

అన్నిటికన్నా తిప్పలు పెట్టేవి పెట్టె అంచులు. రెండు పలకలు 90 డిగ్రీలకు కలిసే చోట వెలుగు ఒకదాని నుంచి ఇంకోదానికి నునుపుగా జారేలా ఉంచితే, ఆ అబద్ధపు నునుపును చెరపడానికి మ్యాప్ పలకంతా పెద్ద పెద్ద సవరణలు రాయాల్సి వస్తుంది. మ్యాప్‌ను కుదించగానే అవి చారలుగా బయటపడతాయి. అంచును పదునుగా మార్చి, అదే గీత మీద యూవీని కూడా విడగొట్టి, ముక్కల మధ్య కొన్ని పిక్సెళ్ల ఖాళీ వదిలితే ఈ భారం పోతుంది. ఖాళీ లేకపోతే పక్క ముక్క రంగు ఇటు కారి, అంచు వెంట సన్నటి గీత కనిపిస్తుంది.

అంచు పదునైనా కేజ్‌కు పగులు ఉండకూడదు కనక, అక్కడి కిరణాలు రెండు పలకల మధ్య దిశలో ఏటవాలుగా వస్తాయి. దాంతో అంచుకు దగ్గరగా ఉన్న బొడిపెలు పక్కకు తోసినట్టు వంకరగా పడతాయి. నడిమి బొడిపెలు గుండ్రంగా ఉండి, అంచువి మాత్రం సాగినట్టుంటే కారణం ఇదేనని తెలుసుకోవచ్చు. అంచుకు సమాంతరంగా లో-పాలీలో ఇంకో వరస గీతలు చేర్చితే వంపు ఆ సన్నటి పట్టీకే పరిమితమై, బొడిపెల మీదికి కిరణాలు నిటారుగా దిగుతాయి.

మ్యాప్ బాగానే వచ్చినా గేమ్ ఇంజిన్‌లోకి వెళ్లాక రెండు చోట్ల దెబ్బతినవచ్చు. యూనిటీ, బ్లెండర్ ఆకుపచ్చ పెరిగితే పైకి వంపు అని చదువుతాయి. అన్‌రియల్ దాన్ని కిందికి వంపు అని చదువుతుంది. వెలుగును పెట్టె పక్క నుంచి వేసినప్పుడు బొడిపెలు సరిగ్గా ఉబ్బి, పై నుంచి వేసినప్పుడు గుంటల్లా కనిపిస్తే ఆకుపచ్చను తిరగేయాలి. రెండోది, ఇవి రంగులు కావు, దిశల లెక్కలు. బ్లెండర్‌లో మ్యాప్‌ను `Non-Color` అని చెప్పకుండా మామూలు రంగు బొమ్మలా వదిలేస్తే 128 అనే నడిమి విలువ బాగా కిందికి పడిపోయి, చదునైన పలక కూడా ఓ మూలకు వాలినట్టు వెలుగుతుంది.

ఇంత శ్రద్ధగా చేసినా, పెట్టెను పక్క నుంచి చూస్తే దాని అంచు గీత మీద ఒక్క బొడిపె కూడా పొడుచుకు రాదు. వెలుగు మారిందే కానీ ఆకారం మారలేదు. కాబట్టి చేతికందే పిడి, వేలాడే గొళ్లెం, మూత వంపు లాంటివి లో-పాలీలో నిజంగా కట్టాల్సినవే. బొడిపెలు, చారలు, గీతలు మ్యాప్‌కు వదలొచ్చు. ఈ విభజన బేకింగ్‌కు ముందే తేల్చుకోవాలి. ఎందుకంటే తర్వాత ఒక అంచును మెత్తబరిచినా, ఒక త్రిభుజాన్ని అటు తిప్పినా లో-పాలీ సొంత బాణాలు మారిపోతాయి. పాత సవరణ కొత్త పెట్టెకు నప్పదు, మళ్లీ మొదటి నుంచి బేక్ చేయాల్సిందే.