మూడో నోడు మూగబోతే

ఒక టోకు మందుల దుకాణంలో బిల్లింగ్ మొత్తం ఒకే కంప్యూటర్ మీద నడుస్తోందనుకుందాం. పట్టపగలు దాని పవర్ సప్లయి కాలిపోతే ఆ పూట వ్యాపారం పడకేసినట్టే. అందుకే కొందరు మూడు కంప్యూటర్లను జట్టు కట్టి నడుపుతారు. ఈ పనికి బాగా వాడుకలో ఉన్నది వియన్నాలో తయారయ్యే ప్రాక్స్‌మాక్స్. బిల్లింగ్ సర్వర్ ఇందులో ఒక వర్చువల్ మెషీన్‌గా, అంటే కంప్యూటర్ లోపలి కంప్యూటర్‌గా ఉంటుంది. ఒక పెట్టె పోతే ఇంకో పెట్టెలో లేస్తుంది. జట్టును క్లస్టర్ అనీ, ఒక్కో పెట్టెను నోడు అనీ అంటారు.

రెండు పెట్టెలు చాలవా అని చాలామంది అడుగుతారు. చాలవు. ఒకటి పలకడం మానేసిందంటే అది నిజంగా చచ్చిందా, మధ్యలో తీగ ఊడిందా అన్నది రెండోదానికి తెలిసే దారి లేదు. రెండూ బతికే ఉండి, ‘ఇక నేనే దిక్కు’ అనుకుని ఒకే బిల్లింగ్ డిస్కు మీద చెరోవైపు రాయడం మొదలుపెడితే డేటా తిరిగి రానంతగా పాడవుతుంది. ఉమ్మడి పొలం అమ్మాలంటే ముగ్గురు అన్నదమ్ముల్లో కనీసం ఇద్దరు సంతకం పెట్టాలని కట్టడి చేసుకున్నట్టు, ఇక్కడ సగానికి మించిన ఓట్లు ఉన్నవైపే పనిచేసే హక్కు ఉంటుంది. అదే కోరం. మూడు నోడ్లకు మూడు ఓట్లు, కోరం రెండు. రెండే నోడ్లుంటే కోరం కూడా రెండే కాబట్టి, ఒకటి పోగానే మిగిలినదానికీ చేతులు కట్టేసినట్టవుతుంది.

కట్టడం కష్టం కాదు. మొదటి వరుస మొదటి నోడులోనూ, రెండోది మిగతా రెండింటిలోనూ కొట్టాలి:

```
pvecm create dukanam
pvecm add 192.168.10.11
```

కొత్తగా చేరే నోడులో వర్చువల్ మెషీన్లేవీ ఉండకూడదు. దాని `/etc/pve` ఫోల్డరు స్థానంలో క్లస్టర్‌ది వచ్చి కూర్చుంటుంది. నోడ్లు ఒకదాన్నొకటి పలకరించుకునే పని కోరోసింక్‌ది. దానికి విడిగా ఒక చిన్న స్విచ్ పెట్టమని నేను గట్టిగా చెబుతాను. బ్యాకప్‌లు పోయే తీగ మీదే ఈ పలకరింపులూ పోతే, రాత్రి బ్యాకప్ రద్దీలో అవి ఆలస్యమై, నిక్షేపంలా ఉన్న నోడు కూడా చచ్చినట్టు కనబడుతుంది.

ఇప్పుడు బిల్లింగ్ మెషీన్ `pve3` మీద ఉంది, దానికి హెచ్‌ఏ, అంటే ఆపద వస్తే వేరేచోట లేపే ఏర్పాటు, చేసి ఉంది. `pve3` నెట్‌వర్క్ తీగ ఊడింది. కొన్ని సెకన్లలోనే మిగతా రెండూ దాన్ని లెక్కలోంచి తీసేస్తాయి. `pvecm status` కొడితే ఇలా కనబడుతుంది:

```
Expected votes:   3
Total votes:      2
Quorum:           2
```

రెండు ఓట్లున్నాయి కనుక `pve1`, `pve2` మామూలుగా సాగుతాయి. అయినా బిల్లింగ్‌ను వెంటనే లేపవు. ఒంటరైన `pve3` కోరం పోయిందని గ్రహించి, దాదాపు ఒక నిమిషంలో వాచ్‌డాగ్ అనే కాపలా గడియారం చేత తనను తాను రీసెట్ చేసుకుంటుంది. అది ఖాయంగా పూర్తయ్యేదాకా, ఇంచుమించు రెండు నిమిషాలు, మిగతావి ఆగుతాయి. ఆ తర్వాతే బిల్లింగ్ మెషీన్ `pve1` మీద మొదటినుంచి బూట్ అవుతుంది. సేవ్ చేయని బిల్లు పోతుంది. డిస్కు మూడింటికీ ఉమ్మడి స్టోరేజీలో ఉంటే అంతకుమించి నష్టం లేదు. అలా కాక జెడ్‌ఎఫ్‌ఎస్ రెప్లికేషన్‌తో నకలు పంపుకుంటుంటే చివరి నకలు తర్వాతి బిల్లులన్నీ పోతాయి. ఆ వ్యవధి మార్చకపోతే పదిహేను నిమిషాలు. ఈ సంగతి దుకాణదారుకు ముందే చెప్పి ఉండాలి.

ఆ సమయంలోనే `pve2` కూడా పోతే `pve1` చేతిలో ఒక్క ఓటే మిగులుతుంది. హెచ్‌ఏ మెషీన్లు నడుస్తున్న నోడు కాబట్టి అదీ రీసెట్ అవుతుంది. లేచాక `/etc/pve` చదవడానికే తప్ప రాయడానికి వీల్లేదు. ఏ మెషీనూ మొదలుకాదు. `pvecm expected 1` కొడితే ఒక్క ఓటే కోరమై తాళం తెరుచుకుంటుంది. కానీ మిగతా రెండూ ఆగి ఉన్నాయని వాటి దగ్గరకు నడిచి వెళ్లి కళ్లారా చూశాకే ఆ పని చేయాలి.

తీగ మళ్లీ పెడితే `pve3` తనంతట తానే జట్టులో కలుస్తుంది. అదే పూర్తిగా చెడిపోయి ఉంటే, దాన్ని ఆపి ఉంచి, మరో నోడులో `pvecm delnode pve3` కొడతారు. అలా తీసేసిన పెట్టెను కొత్తగా ఇన్‌స్టాల్ చేయకుండా ఆ నెట్‌వర్క్‌లో మళ్లీ ఆన్ చేయకూడదు. తాను ఇంకా సభ్యుణ్నేనన్న పాత లెక్కతో అది లేస్తుంది.