డ్రైవరు వాటా 2.3 లీటర్లు

మార్చి నెలాఖరు ఆర్టీసీ డిపోల్లో కొత్త లక్ష్యాలు వినిపించే కాలం. ‘ఈ ఏడాది కేఎంపీఎల్ 5 నుంచి 5.2కు పెరగాలి’ అని మేనేజరు మైకులో చెబుతారు. లీటరు డీజిలుకు బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చెప్పే లెక్క ఇది, డిపోలో అందరికీ తెలిసిందే. అందులో తన వంతు ఎంతో మాత్రం డ్రైవరుకు తెలియదు. ప్రసంగం తేలిపోయేది అక్కడే.

వంద బస్సుల డిపో ఒకటి ఉందనుకుందాం. ఒక్కో బస్సు రోజుకు 300 కిలోమీటర్లు తిరుగుతుంది. లీటరుకు 5 కిలోమీటర్లయితే బస్సుకు 60 లీటర్లు పడుతుంది, 5.2 వస్తే 57.7 చాలు. అంటే ఒక బస్సు మీద రోజుకు మిగలాల్సింది 2.3 లీటర్లు. డిపో మొత్తానికి 230 లీటర్ల పైమాటే. ‘నాలుగు శాతం మెరుగుదల’ అనేకంటే ఈ 2.3 లీటర్లే చెవికెక్కుతాయి.

ఆ రెండు లీటర్లు ఎవరి చేతిలో ఉన్నాయి? కొంత డ్రైవరు కాలి కింద: బస్టాండులో ఇంజన్ ఆపకుండా నిలబెట్టడం, స్టాపు దగ్గరికొచ్చాక ఒక్కసారిగా బ్రేకు తొక్కడం. కొంత గ్యారేజీలో: గాలి తగ్గిన టైరు, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, విడుదలైనా చక్రాన్ని పట్టుకునే ఉండే బ్రేకు. డీజిలు పట్టేవారి పనీ చిన్నది కాదు. ట్యాంకు ఒకరోజు నిండుగా, మర్నాడు కాస్త వెలితిగా నింపితే లెక్కే తప్పుతుంది, బాగా నడిపిన డ్రైవరుకు చెడ్డపేరొస్తుంది. రన్నింగ్ టైము బిగించి షెడ్యూలు వేస్తే డ్రైవరు పరుగు తీయక తప్పదు. ఆ డీజిలు ఖర్చు ట్రాఫిక్ విభాగం ఖాతాలో రాయాలి.

కండక్టర్లకు ఈ లెక్క అంటదు, వాళ్లకు వేరేది చెప్పాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక, ప్రభుత్వం నుంచి రావలసిన డబ్బుకు ఆధారం జీరో టికెట్టే. రద్దీలో టికెట్టు కొట్టకుండా వదిలేస్తే బస్సు నిండినా కాగితం మీద ఖాళీయే.

అందరికీ ఒకే 5.2 పెట్టడం మరో పొరపాటు. ఘాట్ రోడ్డు బస్సుకూ హైవే బస్సుకూ పోలిక పెడితే సిబ్బంది నవ్వుకుంటారు. ఏ రూటు బస్సును దాని నిరుటి అంకెతోనే పోల్చాలి. అంకె కోసం ఒత్తిడి పెరిగితే వాలులో న్యూట్రల్ చేసి వదిలేవాళ్లు తయారవుతారు. అది ప్రమాదం, పైగా డీజిలూ మిగలదు. గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలితే ఇంజనుకు డీజిలు దాదాపు ఆగిపోతుంది, న్యూట్రల్‌లో ఐడ్లింగుకు తాగుతూనే ఉంటుంది.

ప్రసంగం పని చేసిందో లేదో చప్పట్లు చెప్పవు, ఆ తర్వాతి ప్రశ్నలు చెబుతాయి. ‘స్టోర్సులో ఫిల్టర్లు లేకపోతే ఏం మార్చమంటారు సార్?’ అని మెకానిక్ లేచి అడిగాడంటే లక్ష్యం తన పనిదాకా వచ్చిందన్నమాట. దానికి ‘చూద్దాం’ అంటే కుదరదు, ఫిల్టర్లు ఏ తారీఖుకు వస్తాయో మేనేజరు అక్కడే చెప్పాలి.