డాన్యూబ్ కేసులో ఇద్దరూ ఎందుకు ఓడారు?

ఒప్పందాన్ని ఉల్లంఘించిన దేశం ‘నేను చేసింది తప్పు కాదు’ అని వాదించవచ్చా? కొన్ని సందర్భాల్లో వాదించవచ్చని అంతర్జాతీయ న్యాయం ఒప్పుకుంటుంది. వాటిలో రెండు: అనివార్య అవసరం, ప్రతిచర్య. ఇప్పుడే న్యాయశాస్త్రంలో చేరిన విద్యార్థి ఈ రెండింటినీ ఒకే వ్యాజ్యంలో చూడవచ్చు.

డాన్యూబ్ నది మీద ఉమ్మడిగా జలవిద్యుత్ పథకం కడతామని 1977లో హంగరీ, చెకోస్లొవేకియా సంతకాలు చేశాయి. 1989 మేలో హంగరీ పనులు ఆపడం మొదలుపెట్టింది. ప్రకృతి దెబ్బతింటుంది, బుడాపెస్ట్ తాగునీటికి ముప్పు వస్తుంది, కనుక ఆపక తప్పలేదంది.

1997 సెప్టెంబరు 25న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పు చెప్పింది. పర్యావరణ రక్షణ ఒక దేశపు ప్రాణావసరమేనని అంగీకరించింది. నాకు ఈ తీర్పులో చాలా విలువైన మాట ఇది. అయితే అవసరం నిజమైనంత మాత్రాన సరిపోదు. ముప్పు తీవ్రమైనదై, ముంచుకొస్తూ ఉండాలి. జరగవచ్చేమోనన్న సందేహం చాలదు. ఎప్పుడో వచ్చే ముప్పయినా పనికొస్తుంది, కానీ అది తప్పదని ఆనాటికే తేలి ఉండాలి. ఒప్పందాన్ని మీరడం తప్ప దారి ఉండకూడదు. హంగరీకి దారులున్నాయి: నీటిని శుద్ధి చేయవచ్చు, కోతకు గురయ్యే నదీగర్భంలో గులకరాళ్లు పోయవచ్చు. పైగా ఆ పరిస్థితి రావడంలో తన చెయ్యి ఉండకూడదు. పనులు వేగంగా పూర్తిచేయాలని 1989 ఫిబ్రవరిలో ఒప్పుకున్నది హంగరీయే! అవతలి దేశపు ప్రాణావసరానికి తీవ్రంగా గండి కొట్టకూడదన్నది మరో షరతు. వీటిలో ఒక్కటి తప్పినా వాదన నిలవదు.

హంగరీ తప్పుకున్నాక చెకోస్లొవేకియా తన భూభాగంలోనే వేరే ఆనకట్ట కట్టి, 1992 అక్టోబరులో ఎనభై నుంచి తొంభై శాతం నీటిని మళ్లించుకుంది. దీన్ని ప్రతిచర్యగా సమర్థించవచ్చా అని న్యాయస్థానం పరిశీలించింది. ప్రతిచర్య ముందు జరిగిన తప్పుకు జవాబుగా, ఆ తప్పు చేసిన దేశం మీదే ఉండాలి. ముందు ‘మాట నిలబెట్టుకో’ అని అడిగి ఉండాలి. ఈ రెండూ జరిగాయి. వాదన కూలింది పరిమాణం దగ్గర. ఉమ్మడి నదిలో హంగరీకి న్యాయంగా దక్కాల్సిన వాటానే లాగేసుకోవడం జరిగిన నష్టానికి తగినది కాదని కోర్టు తేల్చింది. ప్రతిచర్య లక్ష్యం దారికి తేవడమే గానీ శిక్షించడం కాదు. అందుకే వీలైనంతవరకు వెనక్కి తీసుకోగలిగేదిగా ఉండాలి. బలప్రయోగానికి అది ముసుగు కారాదు.

అనివార్య అవసరం రుజువైనా ఒప్పందం రద్దయిపోదు. ముప్పు తొలగగానే బాధ్యత మళ్లీ మొదలవుతుంది, నష్టపరిహారం ప్రశ్న కూడా మిగిలే ఉంటుంది. 1977 ఒప్పందం ఇంకా అమల్లోనే ఉందని, చెకోస్లొవేకియా స్థానంలోకి వచ్చిన స్లొవేకియా, హంగరీ పరస్పరం పరిహారం చెల్లించుకోవాలని, చర్చలతో దారి వెతుక్కోవాలని కోర్టు ఆదేశించింది.