కవరు చేతికొచ్చిన రోజు నుంచే లెక్క

తణుకులో ఒక స్టీలు సామాన్ల కొట్టు అనుకుందాం. మార్చి 3న మధ్యాహ్నం బెంగళూరు నుంచి స్పీడ్ పోస్టులో మందపాటి కవరు వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నాడు యజమాని. విప్పితే అంతా ఇంగ్లీషే. పైన కోర్టు ముద్ర, మధ్యలో తన షాపు పేరు, కింద ఎక్కడో ఏప్రిల్ 21 అని ఒక తేదీ. పక్క కొట్టు కుర్రాడు చదివి, "కోర్టుకి రమ్మంటున్నారు బాబాయ్, ఏప్రిల్ 21న. ఇంకా నెలన్నర టైముంది" అన్నాడు. కవరు గల్లాపెట్టె కిందకి వెళ్ళిపోయింది.

ఇలాంటి కవర్లు పట్టుకుని ఆలస్యంగా మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది చేసిన తప్పు ఇదే. ఆ కుర్రాడు చదివింది సరిగ్గానే చదివాడు. ఏప్రిల్ 21 వాయిదా తేదీ, అంటే జడ్జి ముందు కేసు పిలిచే రోజు. జవాబు దాఖలు చెయ్యాల్సిన గడువు మాత్రం దానితో సంబంధం లేకుండా, కవరు చేతికొచ్చిన మార్చి 3 నుంచే నడుస్తోంది. సమన్లు అందిన నాటి నుంచి 30 రోజుల్లో రాతపూర్వక జవాబు, అంటే కోర్టు భాషలో రిటెన్ స్టేట్‌మెంట్ వెయ్యాలి. మార్చి 3ని వదిలేసి లెక్కపెడితే ఏప్రిల్ 2తో ఆ 30 రోజులూ అయిపోతాయి. వాయిదా వచ్చేసరికి గడువు దాటి పంతొమ్మిది రోజులు.

అందుకే కవరు రాగానే దాని మీదే అందిన తేదీ రాసుకోవాలి. కవరు పారెయ్యకూడదు. లోపల సమన్ల కాగితంతో పాటు అవతలివాళ్ళు వేసిన దావా ప్రతి, అంటే ప్లెయింటు, ఉండి తీరాలి. అది లేకపోతే ఆ సంగతి వెంటనే లాయరు చేత కోర్టుకి చెప్పించాలి. ఇక తీసుకోకుండా తిప్పి పంపేస్తే తప్పించుకోవచ్చనుకోవద్దు. "తీసుకోవడానికి నిరాకరించారు" అని పోస్టుమ్యాన్ రాసిస్తే కోర్టు దాన్ని అందినట్టే లెక్కేస్తుంది. మీకేమో దావాలో ఏం రాశారో కూడా తెలియకుండా పోతుంది.

ఇంగ్లీషు రాకపోయినా మొదటి పేజీలో కొన్ని మాటలు గుర్తుపడితే చాలు. మీ పేరు పక్కన 'డిఫెండెంట్' అని ఉంటే మీరు సివిల్ దావాలో ప్రతివాది. 'అక్యూజ్డ్' అని ఉంటే అది చెక్ బౌన్సు లాంటి క్రిమినల్ కేసు, దాని దారి వేరు. పై వరసలో 'కమర్షియల్' అన్న మాట ఉందా అని చూడండి. సరుకు కొనుగోలు లాంటి వ్యాపార తగాదాలో దావా విలువ 3 లక్షల రూపాయలు గానీ అంతకు మించి గానీ ఉంటే అది కమర్షియల్ కోర్టుకి వెళ్తుంది. 2018 దాకా ఈ హద్దు కోటి రూపాయలు. దాన్ని దించాకే చిన్న వ్యాపారులు కూడా ఈ చట్టం కిందకి వచ్చారు.

ఆ ఒక్క మాటకి ఇంత పట్టింపు ఎందుకంటే గడువు కోసమే. మామూలు సివిల్ దావాలో 30 రోజులు దాటినా, కారణం చూపిస్తే 90 రోజుల దాకా కోర్టు ఒప్పుకుంటుంది. ఆపైన కూడా అరుదైన సందర్భాల్లో కనికరించే వీలుందని సుప్రీంకోర్టు చెప్పింది. కమర్షియల్ దావాలో 30 దాటాక కారణం చెప్పి, కోర్టు విధించిన ఖర్చులు కట్టి, గరిష్ఠంగా 120వ రోజు దాకా వెయ్యొచ్చు. మన తణుకు వ్యాపారికి అది జులై 1. ఆ తర్వాత జడ్జికి జాలి కలిగినా చేసేదేమీ లేదు, జవాబు వేసే హక్కే పోతుంది. 2019లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. 120 రోజులు ఉన్నాయి కదా అని కూర్చోవడమూ ప్రమాదమే. 30 తర్వాతి ప్రతి రోజూ అడిగి తెచ్చుకోవాల్సింది, మనకి హక్కుగా వచ్చింది కాదు.

ఇంకొక మాట వెతకాలి. 'సమ్మరీ సూట్' అనో 'ఆర్డర్ 37' అనో ఉంటే పైన చెప్పిన లెక్కలేవీ పనికిరావు. ప్రామిసరీ నోటు మీద, చెక్కు మీద, రాతపూర్వక ఒప్పందం మీద రావాల్సిన బాకీకి ఇలా దావా వేస్తారు. అందులో సమన్లు అందిన 10 రోజుల్లో హాజరు నమోదు చేసుకుని, మీకు కాగితాలు అందాల్సిన చిరునామా ఇవ్వాలి. తర్వాత అవతలివాళ్ళు ఇంకో సమన్లు పంపుతారు. అది అందిన 10 రోజుల్లో, పోరాడటానికి అనుమతి కోరుతూ అఫిడవిట్ వెయ్యాలి. మొదటి పది రోజులు పట్టించుకోకపోతే దావాలో రాసిందంతా ఒప్పుకున్నట్టే లెక్క, డిక్రీ వచ్చేస్తుంది.

మన వ్యాపారిది మామూలు కమర్షియల్ దావాయే. మూడు బిల్లుల మీద 6,80,000 రూపాయలు, దాని మీద 24 శాతం వడ్డీ అడిగారు. ఆయన మాటేమిటంటే, మూడో బిల్లు సరుకులో 40 పెట్టెలకి 31 మాత్రమే దిగాయి, పైగా నెఫ్ట్‌లో పంపిన 1,50,000 లెక్కలో చూపలేదు. లాయరు దగ్గర "అంతా అబద్ధం సార్" అంటే సరిపోదు. జవాబు దావాకి పేరా వారీగా నడవాలి. ఏ పేరాని కాదనలేదో దాన్ని ఒప్పుకున్నట్టే. కమర్షియల్ దావాలో అయితే ఎందుకు కాదంటున్నామో కారణమూ రాయాలి. "6వ పేరాలోని మూడో బిల్లు సరుకు పూర్తిగా చేరలేదు, తొమ్మిది పెట్టెల తరుగు లారీ రసీదు మీద రాసి అదే రోజు వాదికి వాట్సాప్‌లో తెలిపాము" అని రాస్తే అది జవాబు. వడ్డీ సంగతి విడిగా కాదనాలి. బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో 24 శాతం అని, తగాదాలు బెంగళూరు కోర్టులోనే అని అచ్చువేసి ఉందేమో చూసుకోవాలి. ఆ కోర్టు పరిధి మీద అభ్యంతరం ఉంటే మొదట్లోనే చెప్పాలి, తర్వాత వినరు.

లారీ రసీదు, బ్యాంకు స్టేట్‌మెంటు, లెడ్జరు జవాబుతో పాటే వెయ్యాలి. వాట్సాప్ సందేశాలకి ప్రింటుతో పాటు చట్టం అడిగే సర్టిఫికెట్ జతచెయ్యాలి. జవాబులో రాసింది నిజమని ప్రమాణపత్రం కూడా కమర్షియల్ కోర్టులో తప్పనిసరి. ఈ కాగితాలన్నీ పోగెయ్యడానికే రెండు వారాలు పడుతుంది. అందుకే కవరు వచ్చిన వారంలోపే బెంగళూరులో లాయర్ని పెట్టుకుని వకాలతు సంతకం చెయ్యమంటాను. జవాబు ఇంగ్లీషులో తయారయ్యాక తెలుగులో చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టండి. అది మీ మాట, లాయరు మాట కాదు.

ఒకవేళ హాజరు కాకపోవడం వల్ల ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చేస్తే, తగిన కారణం చూపి 30 రోజుల్లో రద్దు కోరాలి. సమన్లే సక్రమంగా అందకపోతే, డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ 30 లెక్క.

మధ్యలో రాజీ కుదిరితే ఇంకో జాగ్రత్త ఉంది. సరుకు ఇచ్చినాయన ఫోన్ చేసి "అయిదు లక్షలు పంపెయ్యండి, కేసు తీసేస్తాం" అంటాడు. పంపేసి ఊరుకుంటే కోర్టు రికార్డులో దావా అలాగే ఉంటుంది, వాయిదాకి మీరు వెళ్ళకపోతే మొత్తం 6,80,000కీ డిక్రీ రావచ్చు. ఇద్దరూ సంతకాలు చేసిన రాజీ పత్రం కోర్టులో దాఖలై, జడ్జి దాన్ని నమోదు చేశాకే ఆ కేసు ముగిసినట్టు. ఆ ఆర్డరు ప్రతి మీ చేతికొచ్చేదాకా ఈకోర్ట్స్ యాప్‌లో కేసు నంబరు కొట్టి తర్వాతి వాయిదా ఎప్పుడో చూసుకుంటూ ఉండండి.