చీలమండ మడతపడితే ఎక్స్‌రే తీయించాలా?

బస్సు మెట్టు దిగుతుంటే పాదం లోపలికి మడతపడుతుంది. కాసేపటికే చీలమండ బయటివైపు వాపు తేలుతుంది. చుట్టూ చేరినవాళ్లు వెంటనే పెట్టే పరీక్షలు రెండు: ‘వేళ్లు కదుపు చూద్దాం’, ‘లేచి నడువు చూద్దాం’. వేళ్లు కదిలితే ఎముక విరగలేదని తేల్చేస్తారు. ఇది తప్పు. వేళ్లను కదిలించే కండరాలు పిక్కలోనూ పాదంలోనూ ఉంటాయి. చీలమండ దగ్గర ఎముక విరిగినా అవి తమ పని తాము చేసుకుపోతాయి. నడక పరీక్షలో మాత్రం సగం నిజం ఉంది. మిగతా సగం ఎక్కడుందో తర్వాత చూద్దాం.

వాపును చూసి చెప్పడం కూడా కుదరదు. లిగమెంటు బాగా తెగిన బెణుకులో నిమ్మకాయంత వాపు రావచ్చు, సన్నటి విరుగుడులో కొద్దిపాటి వాపే ఉండొచ్చు. ‘టప్’మని శబ్దం వినిపించిందని చాలామంది భయపడతారు. లిగమెంటు తెగినా ఆ శబ్దం రావచ్చు. రెండో రోజుకో మూడో రోజుకో పాదమంతా కమిలిపోయినట్టు నల్లబడటమూ రెండింటిలోనూ ఉండేదే. లోపల కారిన రక్తం కిందికి దిగుతుంది, అంతే.

అలాంటప్పుడు తేడా తెలిసేది ఎలా? వేలితో నొక్కి చూస్తే. అయితే ఎక్కడ నొక్కుతున్నామన్నదే ముఖ్యం.

కెనడాలోని ఒట్టావా నగరంలో అత్యవసర విభాగపు వైద్యుడు ఇయాన్ స్టీల్, ఆయన సహచరులు ఈ ప్రశ్న మీదే పనిచేసి 1992లో కొన్ని సూత్రాలు ప్రచురించారు. అప్పట్లో కాలు మడతపడి వచ్చిన దాదాపు ప్రతి ఒక్కరికీ ఎక్స్‌రే తీసేవారు. వారిలో నిజంగా ఎముక విరిగినవాళ్లు నూటికి 15 మంది కూడా ఉండేవారు కాదు. ఎవరికి తీయనక్కర్లేదో చేత్తో పరీక్షించి చెప్పగలమా అన్నది వాళ్ల ప్రశ్న. వాళ్లు తేల్చినవే ‘ఒట్టావా చీలమండ సూత్రాలు’. ఇవాళ చాలా దేశాల ఆసుపత్రుల్లో వీటినే వాడుతున్నారు.

చీలమండకు అటూ ఇటూ రెండు ఎముక బొడిపెలు చేతికి తగులుతాయి. మామూలుగా బెణికినప్పుడు దెబ్బతినే లిగమెంటు బయటి బొడిపెకు ముందువైపు, కాస్త కిందగా ఉంటుంది. అక్కడ మెత్తటి భాగాన్ని నొక్కితే బెణుకు ఉన్న ఎవరికైనా ప్రాణం పోయినంత పనవుతుంది. కాబట్టి అక్కడి నొప్పితో మనకు తెలిసేది తక్కువ. అందుకే వైద్యులు బొడిపె వెనక అంచును నొక్కుతారు. బొడిపె చివరి నుంచి పైకి 6 సెంటీమీటర్ల వరకు, అంటే సుమారు మూడు నాలుగు వేళ్ల వెడల్పు మేర, ఎముక మీదే వేలు పెట్టి నొక్కుకుంటూ వెళ్తారు. ఆ అంచులో గానీ బొడిపె కొసన గానీ నొప్పి పుడితే ఎక్స్‌రే తీయాలి. లోపలి బొడిపెకూ ఇదే పద్ధతి.

పాదంలో మరో రెండు చోట్లు చూడాలి. పాదం బయటి అంచు వెంట చిటికెన వేలు నుంచి మడమ వైపు వస్తుంటే సగం దారిలో ఒక ఎముక ఉబ్బు తగులుతుంది. అది ఒకటి. రెండోది లోపలి బొడిపెకు ముందు, పాదం వంపు పైభాగంలో ఉండే ఎముక. ఈ రెండింటిలో ఎక్కడ నొక్కినా నొప్పి ఉంటే పాదానికి ఎక్స్‌రే కావాలి.

ఇక నడక. దెబ్బ తగిలిన వెంటనే నాలుగు అడుగులు వేయలేకపోవడం, డాక్టరు దగ్గరికి వెళ్లాక కూడా వేయలేకపోవడం, ఈ రెండూ ఉంటే ఎక్స్‌రే తీయాలి. కుంటుతూ వేసినా అడుగు అడుగే. ప్రతి కాలి మీదా రెండేసిసార్లు బరువు మోపగలిగితే నడిచినట్టే లెక్క. కానీ నడవగలిగినంత మాత్రాన నొక్కి చూసే పరీక్ష మానేయకూడదు. ముందు చెప్పిన మిగతా సగం ఇదే.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. 35 ఏళ్ల స్కూలు టీచరు మెట్ల మీద కాలు మడతపడి పడిపోయింది. చీలమండ ముందు పెద్ద వాపు. కుంటుకుంటూ ఆటో దాకా నడిచింది కాబట్టి ‘బెణుకేలే’ అన్నారు ఇంట్లోవాళ్లు. డాక్టరు వాపు లేని చోటు నుంచి మొదలుపెట్టి నొక్కుకుంటూ వచ్చాడు. బయటి బొడిపె వెనక అంచున నొప్పి లేదు, కొసన లేదు. లోపలివైపూ లేదు. వాపు మీద నొక్కితే మాత్రం ‘అబ్బా’ అంది. ఇక్కడితో ఆపేస్తే ఆమెది బెణుకే. కానీ పాదం బయటి అంచున ఉన్న ఆ ఉబ్బును నొక్కగానే కాలు వెనక్కి లాగేసుకుంది. పాదం లోపలికి తిరిగినప్పుడు అక్కడ అంటుకుని ఉన్న కండర తంతువులు ఎముక ముక్కను ఊడబెరకగలవు. కాబట్టి ఆమెకు ఎక్స్‌రే కావాలి, అదీ పాదానికి. వాపు చీలమండ దగ్గర ఉంది కదా అని అక్కడికే తీయించి ‘నార్మల్’ అని పంపించేస్తే ఈ విరుగుడు కంటపడకపోవచ్చు.

ఈ సూత్రాల బలం ఒక దిక్కుకే. ఏ గుర్తూ లేకపోతే ఎముక విరగలేదని దాదాపు ధీమాగా చెప్పొచ్చు. అలా చెప్పినవాళ్లలో విరుగుడు బయటపడేది నూటికి రెండుకు లోపే. గుర్తు ఉంటే మాత్రం విరిగిందని అర్థం కాదు, చూడాలని మాత్రమే. అలా ఎక్స్‌రే తీయించుకున్న చాలామందికి చివరికి బెణుకే అని తేలుతుంది. పోనీ, ఆ డబ్బు వృథా అనుకోనక్కర్లేదు.

వీటిని నమ్మకూడని సందర్భాలూ ఉన్నాయి. మన దగ్గర అన్నిటికంటే గుర్తుంచుకోవాల్సింది షుగరు. ఏళ్ల తరబడి షుగరు ఉండి పాదాలు మొద్దుబారినవాళ్లకు ఎముక విరిగినా నొక్కితే నొప్పి తెలియకపోవచ్చు, విరిగిన కాలితోనే తిరిగేస్తారు కూడా. వాళ్ల పాదం వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే నొప్పి లేకపోయినా చూపించాలి. తాగి పడినవాళ్లకూ, ఒంటి మీద వేరే పెద్ద గాయం ఉన్నవాళ్లకూ ఈ పరీక్ష నిలవదు. మొదటి అధ్యయనం 18 ఏళ్లు దాటినవాళ్ల మీదే జరిగింది. పిల్లల్లో ఎముక పెరిగే చోటు లిగమెంటు కంటే బలహీనంగా ఉంటుంది కాబట్టి వాళ్ల విషయంలో డాక్టరు నిర్ణయానికే వదలండి.

పాదం వంకర తిరిగినా, చర్మం చీలి ఎముక కనిపించినా, వేళ్లు చల్లబడి పాలిపోయినా, స్పర్శ పోయినా ఈ లెక్కలేవీ వద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. నొప్పి చీలమండ నుంచి పైకి పాకి మోకాలి కింద బయటివైపు నొక్కితే తగులుతుంటే డాక్టరుకు తప్పక చెప్పండి. చీలమండ మెలితిరిగిన దెబ్బ ఒక్కోసారి అక్కడి ఎముకను విరుస్తుంది.

విరిగిందో లేదో తేలకముందు మర్దన చేయించడం, ‘సరిచేయిస్తాం’ అని లాగించడం వద్దే వద్దు. గుడ్డలో చుట్టిన ఐసు పావుగంట, సాగే బ్యాండేజీ, కాలు ఎత్తు మీద పెట్టి పడుకోవడం, ఇవి చాలు. బెణుకే అని తేలి ఇంటికి వచ్చాక ఐదారు రోజులు గడిచినా కాలి మీద బరువు మోపలేకపోతే, మొదటి పరీక్ష ఏం చెప్పినా సరే, మళ్లీ డాక్టరుకు చూపించుకోండి.